“ఓపిక పట్టండి” అని రాసేముందు పైసలు ఎక్కడున్నయో చూద్దాం



మేము దుబాయ్‌లో ఒక ఎక్స్ఛేంజ్ కంపెనీ మెసేజ్ డెస్క్ మీద పనిచేసేటోళ్లం. క్యాంపుల నుంచి, సైట్ల నుంచి, వంటిళ్ల నుంచి “ఇంటికి పైసలు చేరలే” అని మీరు పెట్టే మెసేజ్‌లకు జవాబు రాసేది మేమే. మీరందరూ తిట్టుకునే ఆ జవాబు ఇది:

“మీ ట్రాన్స్‌ఫర్ ప్రాసెస్‌లో ఉంది. 24 గంటల్లో జమ అవుతుంది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. దయచేసి ఓపిక పట్టండి. శుభదినం!”

ఇందులో మర్యాదకు ఏ లోటూ లేదు. మా కొట్లాట మర్యాద మీద కాదు. ఈ మాటలు ఒక కేసులో నిజం, ఇంకో కేసులో పచ్చి అబద్ధం. అయినా రెండింటికీ ఇదే అతికిస్తున్నం. దాని మీదనే మా కొట్లాట.

ఒక కేసు చెప్తాం. 2021 ఏప్రిల్. సోనాపూర్ క్యాంపులో ఉండే జగిత్యాల వైపు అన్న ఒకాయన భార్య ఖాతాకు 1,500 దిర్హమ్‌లు పంపిండు. అప్పటి రేటుకు దగ్గర దగ్గర 30 వేల రూపాయలు. ఆమెది పాత ఆంధ్రా బ్యాంక్ ఖాతా. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. ANDB తో మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు ఇంకో ఏడాది నడిచి, 2021 మార్చి 31తో ఆగిపోయినయి. మా సిస్టమ్‌లో ఆయన పేరు కింద ఎప్పుడో సేవ్ చేసిన పాత కోడే ఉంది. పైసలు పోయినయి, కోడ్ చెల్లక అదే సాయంత్రం తిరిగొచ్చినయి. మా స్క్రీన్ మీద స్టేటస్ Returned అని చూపిస్తనే ఉంది.

ఆయన మూడు రోజుల్లో మూడుసార్లు అడిగిండు. మూడు షిఫ్టుల్లో మాలో ముగ్గురం పై జవాబునే మూడుసార్లు పంపినం. మాలో ఒక్కరం కూడా స్టేటస్ తెరిచి చూడలేదు. ప్రాసెస్‌లో ఏమీ లేదు, 24 గంటలు కాదు 24 రోజులు ఆగినా ఆ పైసలు జమ కావు. అంటే ఆయన్ని ఓపిక పట్టమన్నది దేనికి? ఎన్నటికీ రాని దానికి! అక్కడ బిడ్డ ఫీజు గడువు దాటిపోయింది. మొదటిరోజే “మీ పైసలు తిరిగొచ్చినయి, కోడ్ మారింది, కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో పంపండి” అని ఒక్క ముక్క రాసి ఉంటే అదేరోజు మళ్లీ పంపే పని మొదలయ్యేది.

ఇది చూసి మాలో కొందరు “టెంప్లేటే వద్దు, మనసుపెట్టి మన మాటల్లో రాద్దాం” అన్నరు. దానికీ మేము ఒప్పుకోం. ఆ ముగ్గురిలో ఒక తమ్ముడు టెంప్లేట్ కింద సొంతంగా “ఫికర్ చెయ్యకు అన్నా, సాయంత్రానికి పడిపోతయి” అని కూడా రాసిండు. ప్రేమతోనే రాసిండు. కానీ ఆ మాట నమ్మి అన్న ఇంటికి ఫోన్ చేసి సాయంత్రం బ్యాంకుకు పొమ్మన్నడు. కంపెనీ చెప్పిన అబద్ధం కన్నా ఆ తియ్యటి అబద్ధమే ఆయన్ని ఎక్కువ తిప్పింది.

అందుకే మేము చెప్పేది ఇదీ. టెంప్లేట్ ఉండాలె. అయితే అందులో ఏది అచ్చులో ఉండాలె, ఏది ప్రతిసారీ చేత్తో రాయాలె అన్నది తేల్చుకోవాలె. దానికి మేము పెట్టుకున్న పరీక్ష ఒకటే. టెంప్లేట్‌లోని ఒక్కో వాక్యాన్ని మా దగ్గరికి వచ్చే అన్నింటికన్నా గడ్డు కేసు ముందు పెట్టి చదువుతం. తల్లి పోతే అంత్యక్రియలకు పైసలు పంపిన మనిషికి “శుభదినం!” అని పోతే ఎట్లుంటది? ఆ వాక్యం అచ్చులోంచి పోయింది. తిరిగొచ్చిన కేసులో “24 గంటల్లో” అబద్ధం, అదీ పోయింది. తప్పు ఎవరిదో తేలకముందే “చింతిస్తున్నాము” అంటే అది వట్టి మాట. తప్పు మాదైన కేసుకే దాన్ని దాచుకున్నం, అప్పుడు ఏం తప్పు చేసినమో కూడా రాస్తం.

ఇట్ల వడపోస్తే అచ్చులో మిగిలింది రెండు వాక్యాలే. మొదటిది: “మీరు ఫలానా తారీఖున, ఫలానా పేరు మీద పంపిన ఇన్ని దిర్హమ్‌ల గురించి అడిగారు.” ఇది రాయాలంటే కేసు తెరవక తప్పదు. చివరిది: “ఫలానా రోజు, ఫలానా గంటకు మేమే మళ్లీ రాస్తం.” ఎందుకంటే అక్కడి బ్యాంకు గడియారం మా చేతిలో లేదు, మా గడియారం ఉంది. మా చేతిలో ఉన్నదానికే మాట ఇస్తం.

నడుమ రెండు ఖాళీలు. పైసలు ఇప్పుడు ఎక్కడున్నయి? ఇప్పుడు ఎవరు ఏం చెయ్యాలె? ఇవి నింపకుండా జవాబు పోవద్దు. స్టేటస్‌ను బట్టి నింపే మాటలు మారుతయి.

తిరిగొచ్చినయంటే కారణం, కావలసిన కాగితం రాస్తం. “మీరు తప్పు వివరాలు ఇచ్చారు” అని మాత్రం రాయం. కోడ్ మారితే ఆ అన్న తప్పేంది?

మా దగ్గరే చెకింగ్‌లో ఆగినయంటే “మా దగ్గరే ఉన్నయి” అని ఒప్పుకుంటం. ఏ కాగితం కావాల్నో చెప్తం. లోపలి కారణం చెప్పే అధికారం మాకు లేకుంటే చెప్పం, కానీ దాన్ని ప్రాసెస్ అనే పేరుతో కప్పం.

జమ అయినయని బ్యాంకు చెప్తే యూటీఆర్ నంబర్ ఇస్తం, పాస్‌బుక్ ప్రింట్ తీయించమంటం. ఫోన్‌కు మెసేజ్ రానంత మాత్రాన పైసలు రానట్టు కాదు. అయితే అంతకుముందే రిసీట్ మీది ఖాతా నంబర్‌ను పాస్‌బుక్‌తో ఒక్కొక్క అంకె సరిచూడమంటం. ఒక్క అంకె తప్పి పైసలు ఇంకొకరి ఖాతాలో పడితే సంగతి వేరు. ఆ బ్యాంకు, ఆ ఖాతాదారు కలిసొస్తేనే వెనక్కి వస్తయి. అక్కడ “తప్పకుండా వస్తయి” అనే మాట ఎంత ప్రేమతో అన్నా మోసమే.

మా సూపర్‌వైజర్ అంటడు, “షిఫ్టుకు ఇన్ని మెసేజ్‌లు, ఒక్కొక్కరికి కూర్చుని రాస్తే అయితదా?” అని. నిజమే, ఖాళీలు నింపితే ఒక్కో జవాబుకు రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడతది. మరి ఆ అన్న మూడుసార్లు ఎందుకు రాసిండు? మొదటి జవాబు ఏమీ చెప్పలేదు గనుకనే. మీరు లెక్కపెట్టే మూడు మెసేజ్‌లలో రెండు మనం పుట్టించినవే సార్!

ఇంకో డెస్క్ మీద ఇదే పని చేసే తోటివాళ్లకు ఒక్క మాట. పంపే బటన్ నొక్కేముందు కస్టమర్ అడిగింది చేత్తో కప్పి, మీ జవాబు ఒక్కటే చదవండి. ఆ మనిషి కష్టం ఏందో అందులోంచి తెలిస్తే పంపండి. తెలియకుంటే అది ఆయనకు రాసింది కాదు.

పైసలు పంపే అన్నలకు, అక్కలకు ఇంకో మాట. మాలాంటోళ్లం “ఓపిక పట్టండి” అంటే ఊరుకోవద్దు. రెండే అడగండి: “ఈ గంటకు నా పైసలు ఎవరి దగ్గర ఉన్నయి? ఇప్పుడు నేను ఏం చెయ్యాలె?” వీటికి జవాబు రాకుంటే రిసీట్ పట్టుకుని కౌంటర్‌కు రండి, స్క్రీన్ మీద స్టేటస్ చదివి చెప్పమనండి. మేము తప్పించుకోలేం.