జ్వరంతో వెళ్తే కప్పు మాట కూడా చెప్పండి

మన ఊళ్లలోనూ కాలేజీ పిల్లలు ప్యాడ్లు మానేసి నెలసరి కప్పులకు మారుతున్నారు. సంతోషమే. కానీ ఎంతసేపు ఉంచుకోవాలో అడిగితే తలా ఒకటి చెబుతారు. చాలా కంపెనీలు 12 గంటలంటాయి. ఫ్రాన్స్ ఆరోగ్య భద్రతా సంస్థ మాత్రం టాంపన్ అయినా, కప్పయినా 6 గంటలే అంటుంది. టాంపన్‌కు 8 గంటలు దాటనే కూడదని అమెరికా ఎఫ్‌డీఏ గట్టిగా చెబుతుంది. కప్పుకీ 8 గంటలే హద్దు అనుకోవడం మేలని నా అభిప్రాయం. అంతకు మించి నిద్రపోయేవాళ్లు రాత్రికి ప్యాడ్ పెట్టుకోవచ్చు.

ఇంత పట్టుదల ఎందుకంటే, దీని వెనక టాక్సిక్ షాక్ సిండ్రోమ్ ఉంది. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా కొందరి ఒంట్లో ఏ హానీ చేయకుండానే ఉంటుంది. దానిలో కొన్ని రకాలు, నెత్తురు ఒకేచోట గంటల తరబడి నిలిచిపోతే, విషం తయారుచేస్తాయి. ఆ విషం రక్తంలో కలిస్తే బీపీ పడిపోతుంది. పెద్దవాళ్లలో చాలామందికి దాన్ని ఎదుర్కొనే శక్తి అప్పటికే వచ్చి ఉంటుంది. చిన్న వయసు పిల్లలకే ముప్పు ఎక్కువ. 1980లో అమెరికాలో ఈ జబ్బు విజృంభించినప్పుడు, విపరీతంగా పీల్చుకునే రిలై అనే టాంపన్‌ను అమ్మకాల నుంచి తీసేశారు. అవసరానికి సరిపడా తక్కువ పీల్చేదే వాడమన్న సలహా అప్పటిదే.

కప్పు పీల్చుకోదు కదా, భయం లేదనుకుంటారు. కప్పు వాడినవాళ్లలోనూ ఈ జబ్బు కనిపించింది, బహు అరుదుగానే అయినా. బ్యాక్టీరియా కప్పుకు పొరలా అంటుకుంటే ఉత్త నీళ్లతో కడిగినా పోదని ఫ్రెంచి పరిశోధకులు 2018లో చూపించారు. రెండు కప్పులు ఉంచుకుని, ఒకటి వాడుతుండగా రెండోదాన్ని మరిగించమన్నారు.

అసలు చిక్కు గుర్తుపట్టడంలో ఉంది. వానాకాలం, నెలసరి మూడో రోజు అనుకోండి. అమ్మాయికి ఉన్నట్టుండి 102 డిగ్రీల జ్వరం, వాంతులు, విరేచనాలు, ఒళ్లునొప్పులు. ఎండకు కమిలినట్టు ఒళ్లంతా ఎర్రబడింది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఇంట్లో అందరికీ డెంగీయే గుర్తొస్తుంది. ప్లేట్‌లెట్లు టాక్సిక్ షాక్‌లోనూ తగ్గవచ్చు కాబట్టి రక్తపరీక్షా అటే చూపించవచ్చు. నెలసరి సంగతి డాక్టరు అడగరు, నలుగురిలో అమ్మాయి చెప్పదు. కప్పు లోపలే ఉండిపోతుంది.

నెలసరిలో ఇలా జ్వరం, కళ్లు తిరగడం కలిసొస్తే ముందు లోపలున్నది తీసేయాలి. ఓఆర్ఎస్ తాగి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లి, కప్పు వాడుతున్నాననీ, ఎప్పుడు పెట్టుకున్నాననీ, టాక్సిక్ షాక్ అనుమానం ఉందనీ నోరు తెరిచి చెప్పాలి. అక్కడ సెలైన్ ఎక్కించి, యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. అరచేతులు, అరికాళ్ల చర్మం పొరలుగా ఊడటం ఈ జబ్బుకు గట్టి గుర్తే గానీ, అది వారం, రెండు వారాల తర్వాత గానీ కనిపించదు. ఈ జబ్బు మళ్లీ రావచ్చు కనుక ఒకసారి వచ్చినవాళ్లు ఇక ప్యాడ్లకే మారాలి.