మన దాదీని తెల్లగా చేయమని ఎవరడిగారు?

కొత్తకోటలో మా రిష్తేదార్ల ఇంట్లో ఈ మధ్య ఒక పాత తస్వీర్‌కు రంగులేయించారు. 1940 ప్రాంతంలో దాదా, దాదీ తీయించుకున్న ఫోటో అది. స్టూడియోవాడు సాఫ్ట్‌వేర్‌లో పెట్టి గంటలో ఇచ్చేశాడట. దాదా నెత్తిన నల్ల టోపీ, దాదీకి ఆకుపచ్చ చీర, ఇద్దరికీ గులాబీ తెలుపు మొహాలు. దాదీ ముక్కున నత్తు లేదు, మెడలో లచ్ఛా లేదు. అందరూ మాషా అల్లాహ్ అంటుంటే వాళ్ల ఫుప్పూ మాత్రం "యే కౌన్ హై?" అంది.

నేను ఫుప్పూ పక్షమే. ఇది మరమ్మతు కాదు, జాల్‌సాజీ.

నలుపు తెలుపు ఫోటోలో రంగు దాక్కుని ఉండదు. వెలుతురు ఎంత పడిందో అంతే ఉంటుంది. మెరూన్, ముదురు ఆకుపచ్చ, నీలం మూడూ ఒకే బూడిదగా కనిపించొచ్చు. పైగా ఆ రోజుల స్టూడియోల్లో చాలాకాలం నడిచిన ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లకు ఎరుపు కనిపించదు. అందుకే మెరూన్ రూమీ టోపీ నల్లగా పడుతుంది, ఒంటిరంగు ఉన్నదానికన్నా నలుపు తేలుతుంది. మనం చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ అందాజాగా పూసేస్తుంది.

కాబట్టి ముందు ఇంట్లో బుజుర్గులను అడగాలి, తర్వాత కాగితం మీద రాసివ్వాలి. ఆ ఫోటోకైతే ఇలా రాయాల్సింది:

"టోపీ రూమీ, ముదురు మెరూన్, కుచ్చు నలుపు. చీర గద్వాలది, ఉల్లిపొర రంగు: ఒళ్లు నూలు, మెరుపు వద్దు, అంచూ కొంగూ పట్టు, జరీ. ఇద్దరిదీ చామనఛాయ, తెలుపు చేయొద్దు. ఆమె ఎడమ ముక్కు మీది తెల్ల చుక్క దుమ్ము కాదు, నత్తు. మెడలో నల్ల చుక్కల వరస మరక కాదు, కాలీపోత్ లచ్ఛా. కింది మూలలోని గోధుమరంగు మచ్చ తేమ మరక, తీసేయండి. చినిగిన చోట పోయిన చెయ్యిని కొత్తగా గీయొద్దు. షేర్వానీ రంగు ఎవరికీ యాద్ లేదు, బూడిదగానే వదలండి."

ఆ చివరి మాట రాయడానికే మనవాళ్లకు సిగ్గు. తెలియనిది ఖాళీగా ఉంటే బాగుండదట! 2021 ఏప్రిల్‌లో వైస్ పత్రిక, కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలకులు టువోల్ స్లెంగ్ జైల్లో తీసిన ఖైదీల ఫోటోలకు ఒకాయన వేసిన రంగులను ప్రచురించింది. తీరా చూస్తే కొన్ని మొహాలకు లేని నవ్వు తగిలించాడు. కంబోడియా ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, పత్రిక ఆ కథనాన్ని తీసేసింది. రంగు దగ్గర మొదలైన చేయి పెదవుల దాకా పోయింది.

మీ స్టూడియోవాడి పని పట్టుకోవడం ఆసాన్. అసలు ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేయించి ఆ ఫైల్ మీ దగ్గరే పెట్టుకోండి. రంగుల ఫోటోను ఫోన్లోనే నలుపు తెలుపు చేసి, పక్కపక్కన పెట్టి కళ్లు, పెదవులు, దవడ గీత చూడండి. గీతలు మారితే మొహం కొత్తగా గీశాడన్నమాట. పైసలు ఇవ్వకుండా వాపస్ పంపండి.