మారుతాళం వాళ్ళదే, ఇల్లు మాత్రం మాది

పోయిన నెల సన్నీవేల్‌లో మా అపార్టుమెంటులో జరిగిన సంగతి ఇది. నేను ఆఫీసులో ఉన్నాను. ఇండియా నుంచి వచ్చిన అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది. స్నానం చేసి బయటికొచ్చేసరికి హాల్లో పనిముట్ల పెట్టెతో ఓ మనిషి! తలుపు కొడితే ఎవరూ పలకలేదట, మారుతాళంతో తీసుకుని వచ్చేశాడు. అతన్ననేం లాభం, కుళాయి బాగుచెయ్యమని పంపితే వచ్చాడు పాపం. అమ్మ మాత్రం ఇప్పటికీ పగలు కూడా తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుంటోంది.

లీజింగ్ ఆఫీసుకెళ్ళి అడిగితే, "మీరే కదా ఒప్పుకున్నారు" అన్నారు. నిజమే. పదకొండు రోజుల కిందట ఆన్‌లైన్లో రిపేరుకి రాసినప్పుడు Permission to Enter దగ్గర టిక్కు పెట్టాను. చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కే అలవాటు మనకి కొత్తేం కాదుగా!

ఇంటికొచ్చి కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1954వ సెక్షన్ చదివాను. రిపేరుకి రావాలంటే ఓనరు ముందుగా రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అందులో తేదీ, సుమారు సమయం, ఎందుకొస్తున్నారో ఉండాలి. మామూలుగా 24 గంటల ముందిస్తే చాలు, పోస్టులో పంపితే మాత్రం ఆరు రోజులు. రావడం కూడా మామూలు పని వేళల్లోనే. నిప్పంటుకోవడం, పైపు పగలడం లాంటి అత్యవసరాలకి నోటీసు అక్కర్లేదు. అది న్యాయమే.

మరి నా టిక్కు సంగతేమిటి? రిపేరు కోసం నోటిమాటగా ఒప్పుకుంటే నోటీసు అవసరం లేదని అదే సెక్షన్లో ఉంది. కానీ ఆ ఒప్పందంలో తేదీ, సుమారు సమయం ఉండాలి, వచ్చేది వారంలోపు అయ్యుండాలి. నా టిక్కులో తేదీ లేదు, సమయం లేదు, వాళ్ళొచ్చింది పదకొండో రోజు. దాన్ని ఎప్పుడైనా రావచ్చనే అనుమతిగా చూడటం తప్పని నా వాదన.

ఇంకోటి కూడా తెలిసింది. "ఊరికే ఓసారి ఇల్లు చూసిపోదాం" అనేది ఆ సెక్షన్ చెప్పిన కారణాల్లో లేదు. ఈ హక్కులు వదులుకుంటున్నానని లీజులో రాయించుకున్నా, 1953వ సెక్షన్ ప్రకారం ఆ షరతు చెల్లదు.

"ఎందుకొచ్చిన గొడవ, వీసా మీదున్నాం" అన్నాడో మిత్రుడు. అద్దె హక్కుకీ వీసాకీ ఏం సంబంధం? పైగా నేను గొడవేం పడలేదు. జరిగింది తేదీలతో సహా ఈమెయిల్ రాసి, ఇకమీదట 24 గంటల ముందు నోటీసు తలుపుకి అంటించమన్నాను. సరైన నోటీసిస్తే నేనూ కాదనకూడదు కదా. మొన్న గీజరు చూడ్డానికి అలాగే అంటించి వచ్చారు. ముందే తెలుసు కాబట్టి అమ్మ తనే తలుపు తీసింది.

మీరు మాత్రం ఆ టిక్కు తీసేసి, వీలైన రోజు, వేళ రాయండి. అంతే.