ఒక్క రోజు అంకెతో ఆదరణ తేల్చవద్దు
తెలుగు వికీపీడియా రచయితలకు, నిర్వాహకులకు విజ్ఞప్తి



ఏ వ్యాసాన్ని విస్తరించాలో, దేన్ని పక్కన పెట్టాలో రోజువారీ వీక్షణల గ్రాఫు చూసి నిర్ణయించడం మనకు అలవాటైంది. గీత పైకి లేస్తే ఆదరణ పెరిగిందంటాం, కిందికి దిగితే పాఠకులు పోయారంటాం. ఈ తీర్పులు చాలావరకు తొందరపాటువే.

ఒక వ్యాసానికి సోమవారం నుంచి ఆదివారం దాకా వచ్చిన వీక్షణలు 40, 44, 38, 42, 45, 61, 58 అనుకుందాం. సగటు 47. తర్వాతి వారం 41, 39, 43, 640, 44, 60, 57. సగటు 132. దాదాపు మూడు రెట్లు పెరిగినట్టే కనిపిస్తుంది. కానీ భారీగా పెరిగింది గురువారం ఒక్కటే.

ఏడు రోజుల కదిలే సగటు శని, ఆదివారాల హెచ్చుతగ్గులను చక్కగా సర్దుతుంది. ఆ 640ని మాత్రం మాయం చేయలేదు, ఏడు రోజులకు పరుస్తుంది. అందుకే గీత గురువారం హఠాత్తుగా లేచి, వారమంతా ఎత్తులోనే ఉండి, మళ్లీ గురువారానికి దభీమని పడుతుంది. సరిగ్గా ఏడు రోజుల వెడల్పున్న మిట్ట కనిపిస్తే అది ఒక్క రోజు అంకె పని కావచ్చని అనుమానించండి. చివర్లో కనిపించే పతనం కూడా ఉత్తిదే.

కాబట్టి సగటు కట్టేముందే అసాధారణమైన అంకెకు గుర్తు పెట్టాలి. రెండో వారం అంకెలను వరుసలో పేరిస్తే నడిమిది 44. ఒక్కో రోజు అంకె 44కి ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలనూ పేరిస్తే నడిమిది 5. దాన్ని 1.4826తో, ఆపైన 3తో గుణిస్తే సుమారు 22. అంటే 66 దాటినదానికే గుర్తు. శనివారపు 60 నిలుస్తుంది, 640 దొరుకుతుంది. దాని స్థానంలో ముందు గురువారపు 42 పెట్టి లెక్కిస్తే సగటు మళ్లీ 47. ఆదరణ పెరగనే లేదు.

గుర్తు పెట్టడమంటే చెరిపేయడం కాదు. అసలు అంకె గ్రాఫులో చుక్కగా ఉండాలి, పక్కన కారణం రాయాలి. ఆ రోజు వ్యాసం మొదటి పేజీలోని ‘మీకు తెలుసా?’లో వచ్చిందా, వార్తల్లో నలిగిందా, బాట్లు తాకాయా చూడాలి. వికీమీడియా 2020లో `automated` అనే వర్గాన్ని విడదీసింది. అంతకుముందు బయటపడని బాట్ల రాక `user` లెక్కలోనే కలిసి ఉండేది కనుక, పాత ఏళ్లతో పోల్చేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం.

రోజుకు ఒకటో రెండో వీక్షణలున్న వ్యాసాలకు ఈ పద్ధతి పనికిరాదు. దూరాల నడిమి విలువ సున్నా అయిపోయి, చిన్న కదలికకే గుర్తు పడుతుంది. వాటిని నెల మొత్తాలతోనే చూడాలి.

ఇకపై ఏ వ్యాసం గురించైనా ‘పెరిగింది’, ‘తగ్గింది’ అని రాసేముందు కనీసం నాలుగు వారాల అంకెలు, గుర్తు పెట్టిన రోజులు, వాటి కారణాలు కలిపి చూపండి. అవి లేని వాదన ఆధారంగా ఏ వ్యాసాన్నీ పక్కన పెట్టకండి.