ఎగిరే కల: ఎగిరేటప్పుడు మీ గుండె ఎలా ఉంది?

గాల్లో ఎగిరినట్టు కల వస్తే దానికి ఫలమేమిటని అడగని ఇల్లాలు ఉండదేమో. అత్తగారు ప్రయాణం ఉందంటారు. పక్కింటావిడ మీవారికి ప్రమోషన్ అంటుంది. ఇంకో పెద్దావిడ ‘ఒంట్లో వాతం చేసిందే, శొంఠి కషాయం తాగు’ అంటుంది.

ఆ చివరి మాట తీసిపారేసేది కాదు. వాత తత్త్వం ఉన్నవాళ్ళు నిద్రలో ఆకాశంలో తిరుగుతారని సుశ్రుత సంహితలో ఉంది. అక్కడ వాడిన మాట ‘సంభ్రమం’. మనం ఇప్పుడు ఆ మాటని సంతోషంతో కూడిన ఆశ్చర్యానికి వాడుతున్నాం గానీ, సంస్కృతంలో దానికి తత్తరపాటు, కంగారు అనే అర్థం ఉంది. అంటే ఆ రోజుల్లోనే ఎగరడంతో పాటు ఎలా ఎగిరారన్నది కూడా చూశారన్నమాట.

పడమటి దేశాల పండితులు కూడా ఈ కల గురించి ఒక్క మాట మీద లేరు. ఫ్రాయిడ్ గారు, చిన్నప్పుడు మామయ్యలూ బాబాయిలూ మనల్ని చేతుల్లో ఎత్తి గాల్లో తిప్పిన ఆటల జ్ఞాపకం ఇందులో ఉందన్నారు. ఆడ్లర్ గారేమో పైకి రావాలన్న పట్టుదల అన్నారు. ఆడ్లర్ ఇంకో మంచి సంగతి చెప్పారు. కల కథ మరిచిపోయినా, అది మనలో వదిలి వెళ్ళిన భావం పొద్దున్న దాకా ఉంటుందట. నాకు మటుకు కలల పుస్తకాల్లోని ఫలాల పట్టికలన్నిటికంటే ఈ ఒక్క మాటే పనికొచ్చింది.

మా వీధిలో ఒకావిడ సంగతి చెబుతాను. పెరట్లో బట్టలు ఆరేస్తూ కాలి మునివేళ్ళ మీద లేచేదట, అంతే, చెరువులో ఈదినట్టు చేతులు ఆడిస్తూ కొబ్బరిచెట్ల పైకి వెళ్ళిపోయేది. పది రోజుల్లో మూడుసార్లు వచ్చింది ఇదే కల. విన్నవాళ్ళంతా ‘ఇంకేం, అదృష్టం పైకెగురుతోంది’ అన్నారు. ఆవిడా సంతోషించింది. నేను మాత్రం, ‘కొబ్బరిచెట్ల మీద నుంచి కిందికి చూస్తే ఏం కనిపించింది వదినా?’ అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘చూళ్ళేదు. వెనక నుంచి ఎవరో పిలుస్తున్నారు. వినపడనంత దూరం పోవాలనిపించింది’ అంది. గుండె ఎలా ఉందంటే, దడదడలాడిందట.

ఇది స్వేచ్ఛ కాదు, పరుగు. స్వేచ్ఛగా ఎగిరేవాళ్ళు కిందికి చూస్తారు, తమ ఇంటి డాబా గుర్తుపట్టి ముచ్చటపడతారు, ఎక్కడ దిగాలా అన్న బెంగ ఉండదు. పారిపోయేవాళ్ళకి ఎక్కడికన్నది ఉండదు, ఎక్కడి నుంచన్నదే ఉంటుంది. తర్వాత మాటల్లో తెలిసింది. మరిది గారి వ్యాపారానికి ఈవిడ గాజులు బ్యాంకులో కుదువ పెడదామని ఇంట్లో అంటున్నారు. ఇవ్వనని చెప్పలేక, ఇస్తానని అనలేక నలిగిపోతోంది. మొదటి కల వచ్చింది ఆ మాట ఎత్తిన రాత్రే! అదృష్టం అనుకుని ఊరుకుంటే ఆ గాజుల సంగతి లోపలే ఉండిపోయేది. ఆ ఆదివారమే భర్తతో కూర్చుని, పుట్టింటి వాళ్ళు పెట్టినవి ఇవ్వలేనని చెప్పింది. నాలుగు రోజులు ఇంట్లో మూతిముడుపులు నడిచాయి. మరిది ఇప్పటికీ సరిగా మాట్లాడడు.

అదే కొబ్బరిచెట్టు ఎత్తు, ఇంకొకావిడకి. కరెంటు తీగలు అడ్డొచ్చి, వాటిని దాటి ఇంకా పైకి పోవాలని చేతులు నొప్పెట్టేలా ఆడించిందట. భయం లేదు, కసి ఉంది. ఆవిడ అంగన్‌వాడీ పోస్టుకి దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తోంది. ఇది ఆడ్లర్ గారి లెక్క.

మీ కల మీరే చూసుకోవాలంటే, మెలకువ రాగానే లేవకుండా, కథ ఎవరికీ చెప్పకముందే, ఆ ఎగరడంలో ఎలా అనిపించిందో ఒక్క మాటలో అనుకోండి: హాయి, కసి, దడ, సిగ్గు, ఏదైనా సరే. పాల ప్యాకెట్టు తెచ్చేలోపే ఆ భావం మాసిపోతుంది. నలుగురికీ చెప్పాక అయితే వాళ్ళ ‘అదృష్టం’ వచ్చి మీ కలలో కూర్చుంటుంది, మా వీధి ఆవిడకి జరిగినట్టే. ఆ తర్వాత, కిందటి రోజు ఇదే భావం ఏ పనిలో, ఎవరి మాటకి కలిగిందో వెతకండి. కొన్ని కలల్లో భావం మధ్యలో మారుతుంది. హాయిగా లేచి, సగంలో పడిపోతానేమోనని వణుకుతారు. అప్పుడు మారిన చోటు చూడాలి. ఎవరు కనిపించాక మారింది? ఏం గుర్తొచ్చాక?

ఎంత వెతికినా ఏ భావమూ దొరకదనుకోండి, ఆ కలకి అర్థం కట్టకండి. రాత్రి పిల్లలతో పాటు టీవీలో హనుమంతుడి సినిమా చూసి పడుకున్నా ఎగురుతాం. చూసినవీ విన్నవీ కలగా వస్తే వాటికి ఫలం లేదని చరకుడే చెప్పాడు.