నిద్రపోయేవాడి గడియారం చూడాలి

దుబాయిలోని ఒక కంపెనీ ఆఫీసులో నేను క్లర్కుని. మా హెడ్డాఫీసు లండన్‌లో ఉంది. వేసవిలో వాళ్లకంటే మనం 3 గంటలు ముందుంటాం. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా 4 గంటలు ముందుంటాం. అంటే చలికాలంలో అక్కడి గుమాస్తా సాయంత్రం 5కి పంపిన మెయిలు నాకు రాత్రి 9కి చేరుతుంది.

"అందరి పాస్‌పోర్టు కాపీలు కావాలి" అని వస్తే నేను అప్పటికప్పుడే క్యాంపు గ్రూపులో పెట్టేసేవాణ్ణి. నా బరువు దిగిపోయేది. కానీ తెల్లవారుజామున 4కి లేచేవాళ్లు అప్పటికే పడుకుని ఉంటారు. గదిలో ఆరుగురుంటే ఆరు ఫోన్లూ మోగేవి. ఒక ఫోర్‌మన్ నన్ను అడిగాడు: "ఆ కాపీ రాత్రి ఎవరు తీస్తారు సార్? పొద్దునదాకా మీ దగ్గర ఆగితే ఏం పోయింది?" నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి అలాంటివి రాత్రి రాసిపెట్టుకుని, మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగాక 6కి చేరేట్టు టైము పెడుతున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ మెసేజెస్ వాడేవాళ్లు పంపే గుర్తును నొక్కి పట్టుకుంటే తేదీ, టైము అడుగుతుంది. ఆ టైముకి ఫోను ఆన్‌లో ఉండాలి, సిగ్నల్ ఉండాలి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. "బస్సు 4:30కి" అని ఫోర్‌మన్‌కి 4 గంటలకు వెళ్లేట్టు ఒకసారి పెట్టాను. రాత్రి బస్సు టైము 5కి మారింది. కొత్త టైము ఫోన్లో చెప్పాను గానీ పాత మెసేజు తీసెయ్యడం మరిచాను. చివర వచ్చినదే నిజమనుకుని మనుషులు అరగంట చలిలో నిలబడ్డారు. తప్పు నాదే. మారే అవకాశం ఉన్న కబురుకి టైము పెట్టకూడదు. మారితే ఫోర్‌మన్‌కి ఫోను చెయ్యాలి.

మీ వైపు నుంచీ ఒక పని ఉంది. నిద్రకోసం ఫోను పూర్తిగా కట్టెయ్యకండి. Do Not Disturb అనే సెట్టింగులో రాత్రి 9 నుంచి 4 దాకా టైము పెట్టండి. ఇంటి నంబరుకీ, ఫోర్‌మన్ నంబరుకీ మాత్రం అనుమతి ఇవ్వండి. తెలియని నంబరునుంచి ఆపద కబురు రావచ్చు కాబట్టి, మళ్లీ చేసినవారి కాల్ మోగనిచ్చే వీలు కూడా ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. ఇది మామూలు ఫోన్ కాల్‌కి. వాట్సాప్ వంటి వాటి కాల్స్ మీద ఈ నమ్మకం పెట్టుకోవద్దు. ఇంట్లో వాళ్లకు "ఆపదైతే మామూలు కాల్ రెండుసార్లు చెయ్యండి" అని ముందే చెప్పి, ఒకసారి చేయించి చూసుకోండి.

నాలాంటి క్లర్కులకు నా మాట ఒక్కటే. రాత్రి మెయిలు రావడం మన చేతిలో లేదు. దాన్ని క్యాంపుకి ఎప్పుడు పంపాలన్నది మన చేతిలోనే ఉంది.