సంపాదకుని మాట: మానేసిన ఆ మూడు రోజులు

తాడేపల్లిగూడెంలో ఓ చిన్న సమావేశం. మందు మానేసి ఏడాది నిండిన ఒకాయన మాట్లాడారు. కొల్లేరు దగ్గర చేపల చెరువుకి కాపలా ఉంటారు. పేరు రాయడం లేదు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ నాటినుంచీ ఇలాంటి కూటాల్లో అదే మర్యాద.

ఏడాది ఎలా గడిచిందో ఆయన చెప్పలేదు. అంతకుముందు ఒట్టేసుకుని ఒక్కసారిగా మానేసినప్పటి సంగతి చెప్పారు. మర్నాడు తెల్లారేసరికి టీ గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణికాయి. ఆ రాత్రి ఫిట్స్. మూడో రాత్రి గుడిసె నిండా పాములున్నాయని చెరువు గట్టు మీద పరుగు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించారు. ఎవరో క్వార్టర్ పట్టిస్తే వణుకు తగ్గింది, తాగుడు మళ్లీ మొదలైంది.

అది గాలీ కాదు, మనసు బలహీనతా కాదు. ఏళ్ల తరబడి మద్యం అణిచిపెట్టిన మెదడు, ఆ మద్యం ఒక్కసారిగా ఆగిపోతే అదుపు తప్పి రేగుతుంది. ప్రాణం కూడా పోవచ్చు. రెండోసారి మానేసేటప్పుడు ఆయన ఆసుపత్రిలో చేరారు. గ్లూకోజ్ కంటే ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. వణుకు తగ్గించే మాత్రలు రోజురోజుకీ తగ్గిస్తూ ఆపారు.

రోజూ బాగా తాగేవారిని ఇంట్లో కట్టడి చేసి మాన్పించకండి. ముందు డాక్టరుకి చూపించండి. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. సలహా కోసం 14446 ఉంది.